మొక్కజొన్న విత్తన పాఠాలు, 5వ భాగం: హైబ్రిడ్ పంటలో గింజ దాచి వేస్తే

గత పాఠం చివర ఒక ప్రశ్న ఇచ్చాను. హైబ్రిడ్ మొక్కజొన్న పంటలోంచి గింజ దాచి రెండో ఏడు వేశారు, ఆ పంటలోంచి మళ్లీ దాచి మూడో ఏడు వేశారు, సంకర తేజం, అంటే వంశాలు కలిసినందుకు హైబ్రిడ్‌కు వచ్చే అదనపు బలం, ఏ ఏడు ఎంత మిగులుతుంది అని. జవాబు రాసినవాళ్లలో చాలామంది "రెండో ఏడు సగం, మూడో ఏడు పావు" అన్నారు. మొదటిది సరైనది, రెండోది తప్పు. ఇంతమంది ఒకేచోట తడబడ్డారంటే నేను చెప్పడంలోనే ఎక్కడో లోటు ఉంది. అందుకే ఈసారి చెప్పాలనుకున్న విత్తనోత్పత్తి సంగతి వచ్చే పాఠానికి వాయిదా వేసి, దీన్నే పట్టుకుంటున్నాను.

గత పాఠంలో మనం చేసింది గుర్తు తెచ్చుకోండి. కంకికి పీచు రాకముందే సంచి తొడిగాం. అదే మొక్క జల్లులోంచి పుప్పొడి దులిపి, అదే మొక్క పీచు మీద వేశాం. అది స్వపరాగ సంపర్కం. అలా చేసుకుంటూ పోతే ఏటా తేజం సగానికి సగం తగ్గుతుంది. ప్రతి జన్యువుకూ రెండు ప్రతులూ ఒకటే అయిన శుద్ధ వంశాలు తయారయ్యేది అలాగే. కానీ రైతు పొలంలో సంచులు ఉండవు. పుప్పొడి గాలికి పోతుంది. ఒక కంకిలో నూటికి 95 గింజలు చుట్టుపక్కల మొక్కల పుప్పొడితోనే పడతాయి. మీరు సంచి లెక్కను బయలు పొలానికి వేశారు, తప్పు అక్కడ దొర్లింది.

మరి రెండో ఏడు సగం ఎందుకు సరైందో చూద్దాం. మన రాజేంద్రనగర్ మొక్కజొన్న పరిశోధన కేంద్రం ఇచ్చిన డీహెచ్‌ఎం 117 తీసుకోండి. దాని తల్లి బీఎంఎల్ 6, తండ్రి బీఎంఎల్ 7, రెండూ శుద్ధ వంశాలు. ఒక జన్యువు దగ్గర తల్లిది AA, తండ్రిది aa అనుకుంటే, కొన్న విత్తన సంచిలోని ప్రతి గింజా Aa. దీన్నే ఎఫ్1 అంటాం. పొలమంతా Aa మొక్కలే కాబట్టి పక్క మొక్క పుప్పొడి పడినా సొంత పుప్పొడి పడినట్టే లెక్క. మీరు దాచే గింజల్లో, అంటే ఎఫ్2లో, పావు వంతు AA, సగం Aa, పావు వంతు aa అవుతాయి. తేజాన్నిచ్చే Aa అనే సంకర జత సగం గింజల్లోనే మిగిలింది.

ఇప్పుడు ఆ ఎఫ్2 పొలం వైపు చూడండి. గాలిలో ఎగిరే పుప్పొడి రేణువుల్లో సగం A, సగం a. పీచు కింద ఉన్న అండాల్లోనూ అంతే. రెండు రూపాయి బిళ్లలు ఎగరేయండి. ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు పడే అవకాశం ఎంత? సగమే. మూడో ఏడు కూడా సగం సగంగానే ఉంటుంది, పావుకు పడదు. అయితే ఒక షరతు ఉంది. వందల కంకుల నుంచి గింజ కలిపి తీస్తేనే ఇది నిలుస్తుంది. నాలుగైదు కంకులు వలిచి అదే విత్తనం అనుకుంటే, వచ్చే ఏడు పొలమంతా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లే ఉంటారు. వాళ్ల మధ్య సంకరం జరిగి తేజం ఇంకా దిగుతుంది. పావు అని రాసినవాళ్ల భయం అక్కడ నిజమవుతుంది.

తేజం సగం పోతే దిగుబడి సగం పోతుందా? పోదు. ఇక్కడ కూడా కొందరు పొరబడ్డారు. తేజం అంటే హైబ్రిడ్ దిగుబడికీ, తల్లిదండ్రుల సగటు దిగుబడికీ ఉన్న తేడా. ఆ తేడాలోంచి పోతుంది. జన్యుశాస్త్రవేత్త సీవెల్ రైట్ 1922లో ఇచ్చిన సూత్రం ఇది:

```
F2 = F1 - (F1 - P) / n
```

F1 అంటే హైబ్రిడ్ దిగుబడి, F2 అంటే దాచిన గింజ ఇచ్చే దిగుబడి, P అంటే తల్లిదండ్రుల సగటు, n అంటే హైబ్రిడ్‌లో కలిసిన శుద్ధ వంశాల సంఖ్య. లెక్క కోసం అంకెలు అనుకుందాం. హైబ్రిడ్ ఎకరాకు 30 క్వింటాళ్లు, శుద్ధ వంశాలు ఒకటి 8, ఇంకొకటి 12 ఇస్తాయి. సగటు 10, తేడా 20. రెండు వంశాలే కాబట్టి 20ని రెండుతో భాగిస్తే 10. దాచిన గింజ ఇచ్చేది 20 క్వింటాళ్లు. పోయిన 10 క్వింటాళ్లను క్వింటా 2,000 రూపాయల చొప్పున వేసుకుంటే 20,000. ఎకరాకు 8 కిలోల విత్తనం, కిలో 300 అనుకున్నా మిగిలింది 2,400. గింజ దాచకూడదు అనేది ఈ రెండు అంకెల మధ్య తేలిపోతుంది.

దాచడం నేరమని ఎవరో అన్నారని ఒకరు రాశారు. కాదు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 39వ సెక్షన్ ప్రకారం తన పంటలోంచి గింజ దాచుకోవడం, విత్తుకోవడం, ఇచ్చిపుచ్చుకోవడం రైతు హక్కు. బ్రాండ్ పేరు పెట్టి విత్తనంగా అమ్మడం మాత్రం కుదరదు. దాచిన గింజ మొలవకుండా కంపెనీలు ఏదో కలుపుతాయన్న మాట కూడా నిజం కాదు. బాగా ఎండబెట్టి దాచితే గింజ చక్కగా మొలుస్తుంది. మోసపోయేది అక్కడే.

మా బావ ఒక రబీలో అర ఎకరం దాచిన గింజ, పక్కనే అర ఎకరం కొత్త సంచి వేశాడు. ఇరవై రోజుల వరకు రెండింటికీ తేడా లేదు. "చూశావా, 1,200 మిగిలాయి" అన్నాడు. మోకాలెత్తు దాటాక దాచిన గింజ మడి ఎగుడుదిగుడుగా కనిపించడం మొదలైంది. ఒక మొక్క భుజం దాటింది, పక్కది నడుము దగ్గరే ఉంది. కొత్త సంచి మడిలో జల్లు నాలుగైదు రోజుల్లో అంతా వచ్చేసింది. దాచిన మడిలో రెండు వారాలు సాగింది. ఆలస్యపు మొక్కలకు పీచు వచ్చేసరికి గాలిలో పుప్పొడి పలచబడిపోయింది. ఆ కంకుల తొక్క విప్పితే పళ్లూడిన నోరులా అక్కడక్కడ గింజలు, కొన అంతా ఖాళీ. కోతకు వచ్చేసరికి సగం కంకులు ఎండాయి, మిగతావి పచ్చిగానే ఉన్నాయి. దిగుబడి ఎంత తగ్గిందో ఎవరైనా లెక్క వేస్తారు. ఇలా కలిసి పక్వానికి రాకపోవడం వల్ల తేమ ఎక్కువుందని ధర కోసే నష్టం మాత్రం చాలామంది లెక్కలోకి రాదు.

ఇక నన్ను బాధపెట్టే మాట దగ్గరికి వస్తాను. ప్రతిసారీ ఎవరో ఒకరు రాస్తారు: "అందరూ ఏదిపడితే అది దాస్తారు సార్, నేను పొలమంతా తిరిగి మంచి కంకులు ఏరి దాస్తాను, నాకు తగ్గదు." ఈ నమ్మకం పట్టుదల ఉన్న రైతునే ఎక్కువ నష్టపెడుతుంది, అందుకే నిదానంగా చెబుతాను.

ఎఫ్1 పొలంలో మొక్కలన్నీ జన్యువుల్లో ఒకే అచ్చు. ఒక కంకి జానెడు పొడవుంది, పక్కది బెత్తెడు ఉంది. ఎందుకు? పెద్ద కంకి మొక్క పక్కన రెండు కుదుళ్లు మొలవక ఖాళీ దొరికింది. లేదా గట్టు పక్క సాలులో వెలుతురు ఎక్కువ తగిలింది. లేదా పోయిన ఏడు పశువుల పెంట పోసిన చోట పడింది. చిన్న కంకి మొక్క కాలువ చివర ఉండి నీళ్లు చాల్లేదు. తేడా అంతా నేలలో, నీటిలో, ఎడంలో ఉంది. ఏదీ గింజలోకి ఎక్కదు. జానెడు కంకి గింజల్లోనూ పావు AA, సగం Aa, పావు aa. బెత్తెడు కంకి గింజల్లోనూ అంతే. లావు గింజకు మొలక కాస్త బలంగా ఉంటుంది, నెల తిరిగేసరికి ఆ తేడా కూడా కలిసిపోతుంది. కంకి మధ్య గింజలు మంచివి, కొన గింజలు పనికిరావు అనేదీ ఇలాంటిదే. గింజ సైజు మారుతుంది తప్ప జన్యువుల వాటా మారదు.

వరిలో ఏరితే వస్తుందిగా అంటారు. వరిలో సాంబ మసూరి లాంటి రకంలో ప్రతి జన్యువుకూ రెండు ప్రతులూ ఒకటే, అది తనకు తానే సంపర్కం చేసుకుంటుంది. సంకర జత అక్కడ లేదు, విడిపోవడానికీ ఏమీ లేదు. హైబ్రిడ్ వరికి మాత్రం ఈ పాఠమే వర్తిస్తుంది.

ఒక్క జన్యువు కాకుండా పది తీసుకుంటే ఏరడం ఎంత కష్టమో తెలుస్తుంది. పదింటిలోనూ సంకర జత నిలుపుకున్న ఎఫ్2 మొక్క 1,024లో ఒక్కటి. సాళ్ల మధ్య 60, మొక్కల మధ్య 20 సెంటీమీటర్లు వేస్తే ఎకరాకు దాదాపు 33,000 మొక్కలు, అందులో అలాంటివి 32 దాకా ఉంటాయి. దిగుబడిని నడిపే జన్యువులు పది కాదు, వందలు. ఇక ఎకరంలో ఒక్కటీ దొరకదు. ఒకవేళ దొరికినా, దాని గింజల్లో మళ్లీ సగమే. ఎఫ్2 నుంచి ఏరుకుంటూ పోతే కొన్నేళ్లకు ఒక కొత్త రకం చేయగలరు, అది వేరే పని. అది మొదలయ్యేది 20 క్వింటాళ్ల దగ్గర, 30 దగ్గర కాదు.

పెద్దవాళ్లు "మేం దాచుకునేవాళ్లం, పండేది" అంటే వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. 1961లో మన దేశంలో విడుదలైన మొదటి హైబ్రిడ్లు గంగ, రంజిత్, డెక్కన్ లాంటివి నాలుగు శుద్ధ వంశాలు కలిపిన ద్వంద్వ సంకరాలు. అమెరికాలో జార్జ్ షల్ 1908లో శుద్ధ వంశాలను కలిపితే తేజం వస్తుందని చూపించాడు గానీ, బక్కచిక్కిన తల్లి మొక్కకు గింజలు కొన్నే కాసేవి. విత్తనం ఖరీదైపోయింది. డొనాల్డ్ జోన్స్ రెండు హైబ్రిడ్లను మళ్లీ కలిపి, బలమైన తల్లి మీద విత్తనం తీసే దారి చూపాడు. సూత్రంలో n స్థానంలో 4 వేసి చూడండి. తేడా 20 అయితే పోయేది 5 క్వింటాళ్లే. తర్వాత శుద్ధ వంశాలు మెరుగుపడి, ఇప్పటి సంచుల్లో ఎక్కువ రెండు వంశాల హైబ్రిడ్లే ఉంటున్నాయి. తాతగారి అనుభవం ఈనాటి సంచికి చెల్లకపోవడానికి కారణం ఇదే.

గింజ దాచుకోవాలంటే వరుణ్, హర్ష లాంటి కాంపోజిట్ రకాలు వేసుకోండి. వాటిలో చాలా వంశాలు ముందే కలిసి, ఏటా గాలిలో కలుస్తూనే ఉంటాయి కాబట్టి దాచినా పెద్దగా పడిపోవు. గట్టు సాళ్లు వదిలి, పొలం మధ్యలోంచి కనీసం నాలుగైదు వందల కంకులు తీసుకోండి. పక్కనే వేరే మొక్కజొన్న ఉంటే 200 మీటర్ల దూరం చూసుకోండి. మంచి హైబ్రిడ్ ఇచ్చే 30 క్వింటాళ్లు వీటి దగ్గర ఆశించకండి. వానాధారపు చేలో, పెట్టుబడి తక్కువ ఉన్న చోట నేనైతే వీటికే మొగ్గుతాను.

అభ్యాసం. ఈ రబీలో మీ చేలో ఆరు సాళ్లు కేటాయించండి. మూడింటిలో దాచిన గింజ, మూడింటిలో అదే హైబ్రిడ్ కొత్త విత్తనం, ఒకే రోజు, ఒకే ఎడంలో వేయండి. ప్రతి మడిలో మధ్య సాలులోనే 40 మొక్కలకు దారం కట్టండి. ఒక్కో మొక్కకు పీచు వచ్చిన తేదీ, ఆ రోజు ఎత్తు, కోత తర్వాత కంకి బరువు నోటుబుక్కులో రాయండి. సగటు ఒక్కటీ పంపకండి, 80 మొక్కల అంకెలూ కావాలి. పీచు తేదీల్లో మొదటిదానికీ చివరిదానికీ ఎన్ని రోజుల తేడా ఉందో రెండు మడులకూ విడివిడిగా చెప్పండి. పొలం లేనివాళ్లు ఒక్కో రూపాయి బిళ్లను ఒక్కో జన్యువు అనుకుని, పది బిళ్లలను ఒక్కోదాన్ని రెండేసిసార్లు ఎగరేసి, ఒకసారి బొమ్మ, ఒకసారి బొరుసు పడ్డ బిళ్లలు ఎన్నో రాసుకోండి. ఆ పది బిళ్లలూ కలిపి ఒక ఎఫ్2 మొక్క అనుకుని, అలా ఇరవై మొక్కలకు చేసి పంపండి.