ఫీజు నోటీసులో లెక్క తప్పినప్పుడు ప్రిన్సిపల్‌గారికి ఉత్తరం – 3వ పాఠం

పోయిన పాఠంలో మూడు రకాల కాగితాలు ఒకచోట పెట్టుకున్నాం: జూన్‌లో స్కూలు ఇచ్చిన ఫీజు వివరాలు, కట్టిన రసీదులు, ఇప్పుడొచ్చిన డిమాండ్ నోటీసు. ఈసారి నోటీసు లెక్కను మళ్లీ చేసి ఉత్తరం రాద్దాం. అభ్యాసం కోసం తయారుచేసిన నోటీసు ఇది:

1. ట్యూషన్ ఫీజు: 48,000
2. రెండో బిడ్డకు రాయితీ, ట్యూషన్‌లో 10%: 5,000 తగ్గింపు
3. బస్సు ఫీజు, నెలకు 1,500 చొప్పున 10 నెలలు: 16,500
4. పరీక్ష ఫీజు: 1,800
5. మొత్తం: 62,300
6. ఇంతవరకు కట్టింది: 40,000
7. బాకీ: 22,300
8. ఆలస్య రుసుము, బాకీ మీద 2%: 446
9. చెల్లించవలసింది: 22,746

చాలామంది కింది నుంచి చూస్తారు. 62,300లో 40,000 తీసేస్తే 22,300, అందులో 2% అంటే 446. అంతా సరిగ్గానే ఉందనిపిస్తుంది. తప్పులు పైన ఉన్నాయి. అందుకే ఒకటో వరస నుంచే మొదలుపెట్టాలి.

48,000లో 10% అంటే 4,800. స్కూలు 5,000 తగ్గించింది, అంటే 200 ఎక్కువ. బస్సుకు 1,500ను 10తో గుణిస్తే 15,000. నోటీసులో 16,500 ఉంది. ఇలాంటి చోట వాళ్ల అంకెను నెల రేటుతో భాగించి చూడండి. 16,500ను 1,500తో భాగిస్తే 11 వస్తుంది, అంటే ఎవరో 11 నెలలకు లెక్క వేశారు. తప్పు ఎలా జరిగిందో ఇలా చెప్పగలిగితే అకౌంటెంట్ వెంటనే ఒప్పుకుంటారు.

ఇప్పుడు మొత్తం. ఇక్కడ మన అంకెలు కాకుండా స్కూలు వేసిన అంకెలనే కూడాలి. 48,000లో 5,000 పోతే 43,000. దానికి 16,500, 1,800 కలిపితే 61,300. నోటీసులో 62,300 ఉంది కాబట్టి ఇది వేరే తప్పు, కూడికలో వచ్చినది. తేడా సరిగ్గా 1,000 ఉంటే, వేల స్థానంలో ఒకటి ఎక్కువ పడిందేమో చూడాలి.

సరైన లెక్క: 43,200, 15,000, 1,800 కలిపి 60,000. కట్టిన 40,000 పోతే బాకీ 20,000. ఆలస్య రుసుము 400. చెల్లించవలసింది 20,400. నోటీసుకూ దీనికీ తేడా 2,346. ఈ తేడా ఎక్కడెక్కడి నుంచి వచ్చిందో కూడా తేలాలి: బస్సులో 1,500, కూడికలో 1,000, రుసుములో 46 కలిపి, రాయితీలో మనకు ఎక్కువిచ్చిన 200 తీసేస్తే సరిగ్గా 2,346. ఇలా పైసాతో సహా కలిసేదాకా ఉత్తరం రాయకండి.

ఆ 200 సంగతి రాయాలా? తప్పకుండా రాయాలి. మనకు లాభమైన తప్పును దాచిపెడితే అకౌంటెంట్ సరిచూసేటప్పుడు అదే మొదట దొరుకుతుంది, మిగతా మూడింటి మీదా అనుమానం వస్తుంది.

ఉత్తరం చదివేది ప్రిన్సిపల్‌గారే అయినా లెక్క చూసేది ఆఫీసులో అకౌంటెంట్. మనం ఎదురుగా లేకపోయినా ఆయనకు అర్థమయ్యేలా, నోటీసులోని వరస నంబర్లతోనే రాయాలి.

"గౌరవనీయులైన ప్రిన్సిపల్‌గారికి నమస్కారం.

విషయం: 7వ తరగతి 'బి' సెక్షన్ విద్యార్థి (పేరు, అడ్మిషన్ నంబరు) ఫీజు నోటీసులో లెక్క సవరణ.

(తేదీ) నాటి నోటీసులో ఈ కింది అంకెలు సరిచూడగలరు. 2వ వరసలో రాయితీ 4,800 ఉండాలి, 5,000 అని ఉంది. 3వ వరసలో 10 నెలలకు 15,000 కావాలి, 16,500 అంటే 11 నెలల మొత్తం. 5వ వరసలో నోటీసు అంకెలనే కూడినా 61,300 వస్తుంది, 62,300 అని ఉంది. వీటిని సవరిస్తే మొత్తం 60,000, బాకీ 20,000, ఆలస్య రుసుము 400, చెల్లించవలసింది 20,400 అవుతుంది. ఈ 20,400 ఈరోజే చెల్లించాను, రసీదు నకలు జతచేశాను. దయచేసి సవరించిన నోటీసు ఇప్పించగలరు."

డబ్బు కట్టి రాయడానికి కారణం ఉంది. ఉత్తర ప్రత్యుత్తరాలు నడుస్తుండగా ఆలస్య రుసుము పెరిగితే, ఆ గొడవ మళ్లీ వేరు. ఫీజు ఎక్కువగా ఉందనో, రుసుము అన్యాయమనో చెప్పాలనిపిస్తే దానికి ఇంకో ఉత్తరం రాయండి. ఇందులో కలిపితే జవాబు వాటికే వస్తుంది, కూడిక తప్పు అలాగే ఉండిపోతుంది.

రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ఆఫీసు స్టాంపు, తేదీ, సంతకం వేయించుకోండి.

అభ్యాసం: ఒక నోటీసులో ట్యూషన్ 36,000, బస్సు నెలకు 1,300 చొప్పున 10 నెలలకు 13,000, పరీక్ష ఫీజు 1,500, మొత్తం 55,000 అని ఉంది. తేడా ఎంతో కనుక్కొని, అది 9తో భాగింపబడుతుందో లేదో చూడండి. రెండు అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ 9తో భాగింపబడుతుంది. 4వ పాఠంలో జవాబుతో పాటు, స్కూలు పంపిన సవరణ నోటీసును ఎలా సరిచూడాలో చూద్దాం.