శుభలేఖలు అచ్చుకు వెళ్లకముందే: పాత ప్రేమ సంగతి చెప్పేవారికి జాగ్రత్తలు

నిశ్చితార్థం ఫొటోలు ఇన్‌స్టాగ్రామ్‌లో పడగానే పాత కాలేజీ స్నేహితులు కింద ఏదో ఒకటి రాస్తారు. అటువైపు బంధువులు మీ ఆఫీసులోనో వీధిలోనో ఆరా తీస్తారు. దాచిన ప్రేమ సంగతి ఎక్కువగా ఈ రెండు దారుల్లోనే బయటికొస్తుంది. కాబట్టి కార్డులు అచ్చుకు ఇవ్వకముందే మీరే చెప్పండి. పంచేశాక చెబితే అవతలి మనిషికి కాదనే వీలుండదు. అలా ఇరికించారన్న కోపం అసలు సంగతిపై కోపం కన్నా ఎక్కువ కాలం ఉంటుంది.

అంతకన్నా ముందు ఒకటి తేల్చుకోండి. అది ప్రేమేనా, పెళ్లి కూడా అయిందా? గుళ్లోనో ఆర్యసమాజ్‌లోనో పెళ్లి చేసుకుని, ఎవరింటికి వాళ్లు వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు. విడిగా ఉన్నంత మాత్రాన ఆ పెళ్లి రద్దు కాదు. అది చట్టప్రకారం చెల్లే పెళ్లయితే, కోర్టులో విడాకులు రాకుండా చేసుకునే రెండో పెళ్లి 1955 హిందూ వివాహ చట్టం ప్రకారం చెల్లదు, పైగా నేరం. అలాంటప్పుడు చెప్పడం ఒక్కటే సరిపోదు. ముహూర్తం ఆపి లాయరును కలవాలి.

ప్రేమ వరకే అయితే ఎదురెదురుగా కూర్చుని చెప్పండి. వాట్సాప్‌లో రాస్తే ఆ స్క్రీన్‌షాట్ రాత్రికల్లా ఇంట్లో అందరి చేతుల్లో ఉంటుంది. మధ్యవర్తితో చెప్పిస్తే మాట మారిపోతుంది. పెద్దవాళ్లు పక్క గదిలో లేని చోటు, తొందర లేని రెండు గంటలు చూసుకోండి. ఎదుటివారి కోపానికి భయపడే పరిస్థితి ఉంటే మాత్రం నలుగురు తిరిగే చోటే మేలు.

మాట ఇలా మొదలుపెట్టవచ్చు: “ఇంజనీరింగ్‌లో ఒకబ్బాయిని రెండేళ్లు ప్రేమించాను. మూడేళ్ల కిందట విడిపోయాం, అప్పట్నుంచీ మాటల్లేవు. మా అక్కకూ ఇద్దరు స్నేహితులకూ తెలుసు, వాళ్లు పెళ్లికి వస్తారు. నా ఫొటోలు కొన్ని అతని దగ్గర ఉండి ఉండవచ్చు.” ఎంతకాలం, ఎప్పుడు ముగిసింది, ఎవరికి తెలుసు, ఇంకా ఏం మిగిలి ఉంది అన్న నాలుగూ ఇందులో ఉన్నాయి. శారీరక వివరాలు మీరుగా ఎత్తక్కర్లేదు. అడిగితే మాత్రం అబద్ధం ఆడవద్దు, “అంతవరకు చెప్పలేను” అనవచ్చు.

ఎక్కువమంది దెబ్బతినేది వాయిదాల్లో చెప్పడం వల్ల. మొదట “ఫ్రెండే” అని, వారానికి “ఇష్టపడ్డాను” అని, తర్వాత రెండేళ్లని ఒప్పుకుంటే, ఆ మూడో మాట నిజమైనా నమ్మరు.

ఫొటోలు అడ్డం పెట్టుకుని పాత ప్రేమికుడు బెదిరిస్తుంటే డబ్బు ఇవ్వకండి. ఇస్తే మళ్లీ అడుగుతాడు. మెసేజులు చెరపకుండా cybercrime.gov.in లో ఫిర్యాదు చేయండి. తెలంగాణలో షీ టీమ్స్‌నూ కలవవచ్చు. stopncii.org లో ఫొటోను ఎక్కడికీ పంపకుండానే, దాన్నుంచి తయారయ్యే డిజిటల్ గుర్తు ఆధారంగా ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో అడ్డుకునే ఏర్పాటు ఉంది.

చెప్పిన రోజే జవాబు అడగకండి. ఇంట్లో పెద్దలకు చెప్పాలా, ఎవరు చెప్పాలి అన్నది మాత్రం ఇద్దరూ కలిసే అనుకోండి. అంతవరకు కార్డుల ఆర్డరు ఆపి ఉంచండి.