ముసురులో ఎండుమిర్చికి పురుగు పట్టకుండా ఎలా దాచాలి?

మా రాజోలు ఇంట్లో వేసవిలో కొన్న 5 కిలోల ఎండుమిర్చి మొత్తం ఒకే డబ్బాలో పోశాం. శ్రావణంలో మూత తీస్తే అడుగున సన్నటి పొడి, కాయలకు గుండుసూది బెజ్జాలు. తుప్పు రంగు పురుగులు, తాకితే కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు పడిపోయాయి. ఈ పురుగు ధనియాలు, పసుపు, శొంఠి దేన్నీ వదలదు. మిరప కారం దానికి లెక్కే కాదు.

మొదట కాయలన్నీ చాపమీద పోసి చూడండి. బెజ్జాలున్నవి, విరిస్తే లోపల నల్లటి బూజు కనిపించేవి పారేయండి. బూజు విషం ఎండకు గానీ, వేపుడుకు గానీ పూర్తిగా పోదు. మిగిలినవి మంచి ఎండలో పలచగా ఆరబెట్టండి. కాయ గుప్పిట్లో నలిపితే వంగకుండా పటుక్కున విరగాలి, ఊపితే గింజలు గలగలలాడాలి. అప్పుడే ఎత్తాలి. అలాగని వేడిగా ఉండగా డబ్బాలో పోయొద్దు. మూత లోపల చెమట పట్టి, పడ్డ శ్రమంతా వృథా అవుతుంది. నీడలో పూర్తిగా చల్లారనివ్వండి.

ఎండ కంటికి కనిపించని గుడ్లన్నిటినీ చంపుతుందన్న నమ్మకం లేదు. అందుకే కిలో చొప్పున గట్టి కవర్లలో లోపలి గాలి తీసేసి మూసి, ఫ్రీజర్లో వారం ఉంచాం. బయటికి తీశాక ఒక పూట అలాగే ఉంచి, చలి పూర్తిగా తగ్గాకే కవరు విప్పాలి. ముందే విప్పితే చల్లటి కాయల మీద నీటి తేమ పట్టి మళ్ళీ మొదటికొస్తుంది. ఆ తర్వాత ఒక కవరు మాత్రం విప్పి వాడుకోండి, మిగతావి మూసే ఉంచండి. ఒకదానికి పురుగు పట్టినా మిగతావి దక్కుతాయి. ఖాళీ అయిన డబ్బా అంచుల్లో, మూత మడతల్లో పొడి ఉండిపోతే కొత్త సరుకుకూ అంటుకుంటుంది. కడిగి ఎండబెట్టండి.

ఎండుచేపలు, ఎండు రొయ్యలు మిర్చి పక్కన పెట్టొద్దు. వాటికి పట్టే పురుగు పిల్లలు వెంట్రుకలతో గొంగళిలా ఉంటాయి. మెత్తబడ్డ చేపలు, రొయ్యలు మళ్ళీ ఎండబెట్టి, కాగితంలో చుట్టి, మూత గట్టిగా పట్టే డబ్బాలో దాచండి. గులాబీ రంగు తిరిగితే, జిగురు కడితే వాడకండి.

బెల్లం తేమను పీల్చుకుని చెమ్మగిల్లుతుంది, ఆ తీపికి చీమలు దారి కడతాయి. దిమ్మను పగలగొట్టి పొడి సీసాలో పెట్టి, సీసాను నీళ్ళున్న పళ్ళెంలో నిలబెట్టండి. పళ్ళెం గోడకు తగిలితే చీమలకు వంతెన వేసినట్టే.

కలరా ఉండలు, చీమల చాక్‌పీసు, గోదాముల్లో వాడే విషపు బిళ్ళలు వంటింటి సరుకుల దగ్గరికి రానివ్వకండి. ఆ బిళ్ళల నుంచి వచ్చే వాయువు మనుషుల ప్రాణాలు తీస్తుంది.