వడ్డన నేర్చుకుందాం – 3వ పాఠం: కుర్చీ నంబర్లతో ఆర్డర్ రాసుకోవడం

పోయిన పాఠంలో మూడు ప్లేట్లు ఒకేసారి పట్టుకోవడం చూశాం. పట్టుకొచ్చాక టేబుల్ దగ్గర నిలబడి "సూప్ ఎవరికండీ?" అని అడగాల్సి వస్తే ఆ పనితనమంతా వృథా. ఆరుగురూ మాటలాపి మీ వైపు చూస్తారు, ఇద్దరు ఒకేసారి చెయ్యెత్తుతారు, ఈలోగా వేడి ప్లేటు కింద మీ వేళ్లు కాలుతుంటాయి. అడగక్కర్లేకుండా ఎవరి ప్లేటు వారి ముందు పెట్టడం జ్ఞాపకశక్తి మీద ఆధారపడే పని కాదు, స్లిప్పు ఎలా రాశామన్నదాని మీద ఆధారపడేది.

కొత్తవాళ్లు వంటకం వారీగా రాస్తారు: సూప్ 4, నూడుల్స్ 3, ఫ్రైడ్ రైస్ 2. వంటగదికి ఆ లెక్క కావాలి, నిజమే. కానీ ఆ స్లిప్పు చూసి ఏ సూప్ ఎవరిదో ఎవరూ చెప్పలేరు. అందుకే ముందు కుర్చీ వారీగా రాసుకుని, మొత్తాలు చివర్లో వేసుకోవాలి.

1వ కుర్చీ ఏదో హోటల్ అంతటికీ ఒకే నియమం ఉండాలి. వంటగది తలుపుకు వీపు పెట్టి టేబుల్ వైపు చూస్తే, మీ ఎడమచేతి పక్కన దగ్గరగా ఉన్న కుర్చీని 1 అనుకోవచ్చు. అక్కడి నుంచి గడియారం ముల్లు తిరిగే దిశలో 2, 3, 4 అంటూ లెక్కపెట్టాలి. ఖాళీ కుర్చీకీ నంబరు ఉంటుంది, దాన్ని దాటేయకూడదు. ఆలస్యంగా వచ్చేవాళ్లు అందులోనే కూర్చుంటారు మరి. మీరు ఆర్డర్ తీసుకునేటప్పుడు ఏ మూల నిలబడ్డారన్నది లెక్కలోకి రాదు. చాలా తప్పులు ఇక్కడే పుడతాయి: రాసేవాడు తాను నిలబడ్డ చోటు నుంచి లెక్కపెడతాడు, ప్లేట్లు తెచ్చే ఇంకో సర్వర్ తలుపు నుంచి లెక్కపెడతాడు. మీ హోటల్‌లో వేరే నియమం ఉంటే దాన్నే పాటించండి. మీకంటూ సొంత నియమం మాత్రం పెట్టుకోకండి.

ఇప్పుడు ఒక టేబుల్ చూద్దాం. 7వ టేబుల్‌కు ఆరుగురు వచ్చారు. 1లో పెద్దావిడ, 2లో తండ్రి, 3లో తల్లి, 4లో పదేళ్ల బాబు, 5లో చిన్న పాప, 6లో వాళ్ల పిన్ని. స్లిప్పు ఇలా ఉంటుంది:

టేబుల్ 7 / ఆరుగురు / 7:40
5 – వేరుశనగ పడదు
1 – టమాటా సూప్, ఉప్పు తక్కువ / వెజ్ నూడుల్స్
2 – చికెన్ సూప్ / చికెన్ ఫ్రైడ్ రైస్
3 – టమాటా సూప్ / వెజ్ ఫ్రైడ్ రైస్
4 – – / చికెన్ నూడుల్స్
5 – – / వెజ్ నూడుల్స్ చిన్నది, సూపులతోపాటే
6 – చికెన్ సూప్ / కాల్చిన చేప

గీతకు ఎడమవైపున్నవి ముందు వెళ్లేవి, కుడివైపువి తర్వాత వెళ్లేవి. ముందు ఏమీ వద్దన్న చోట చిన్న గీత పెట్టాలి. ఖాళీగా వదిలేస్తే, వద్దన్నారో మీరు అడగడం మరిచారో తర్వాత మీకే తెలియదు.

3వ కుర్చీలో ఆవిడ నిజానికి "నాకూ ఆ సూపే" అన్నారు. ఇలాంటప్పుడు '1వ కుర్చీదే' అని గుర్తు పెట్టేస్తే ఉప్పు తక్కువ కూడా దాంతోపాటే వెళ్లిపోతుంది. "మీకూ ఉప్పు తగ్గించమంటారా?" అని ఒక్క మాట అడిగి, పూర్తి పేరు మళ్లీ రాయాలి.

ఆ పైన పెద్దగా రాసిన వేరుశనగ సంగతి వేరు. పడని పదార్థం గురించి ఎవరైనా చెప్పగానే దాన్ని స్లిప్పు పైభాగంలో, కుర్చీ నంబరుతో సహా రాసి, వంటగదిలోకి స్వయంగా వెళ్లి నోటితో కూడా చెప్పాలి. "ఫరవాలేదండీ, అందులో ఉండదు" అని మీ అంతట మీరు భరోసా ఇవ్వకూడదు. పైన చల్లిన పలుకులు ఏరేసినంత మాత్రాన ఆ వంటకం సురక్షితం కాదు. అదే నూనె, అదే మూకుడు, అదే గరిటె వాడినా కొందరికి ప్రాణం మీదకు రావచ్చు. విడిగా చేయలేమని వంటవాళ్లు అంటే, ఆ మాటే వెళ్లి టేబుల్ దగ్గర చెప్పాలి. వాళ్లు ఇంకోటి ఎంచుకుంటారు. ఆ ప్లేటును మిగతావాటితో కలిపి తేకుండా విడిగా ఒక్కదాన్నే తీసుకురావాలి.

రాసుకున్నాక చదివి వినిపించాలి, అదీ కుర్చీ వరుసలోనే, వాళ్ల వైపు చూస్తూ: "అమ్మా, మీకు ఉప్పు తక్కువ వేసి టమాటా సూప్, తర్వాత వెజ్ నూడుల్స్. సార్, మీకు చికెన్ సూప్..." అర నిమిషం పడుతుంది. రద్దీలో అందరూ ఎగ్గొట్టే పని ఇదే, కానీ తప్పు వంటకం వెనక్కి వెళ్లి మళ్లీ వండి వచ్చేసరికి పట్టే సమయంతో పోలిస్తే అర నిమిషం ఏపాటిది! ఇప్పుడు మొత్తాలు వేసుకోండి: టమాటా సూప్ 2, చికెన్ సూప్ 2, వెజ్ నూడుల్స్ 2 (ఒకటి చిన్నది), మిగతా నాలుగూ ఒక్కొక్కటి. తర్వాత వచ్చేవి ఆరు, మనుషులూ ఆరుగురే. లెక్క కుదరకపోతే వంటగదికి వెళ్లకముందే ఎవరినో మరిచామని తెలిసిపోతుంది.

సూపులు, పాప నూడుల్స్ వెంటనే వెళ్లాలి. పిల్లలకు ముందు పెడితే పెద్దవాళ్లు స్థిమితంగా తింటారు. మిగతా ఐదింటికీ 'ఆపండి' అని రాసివ్వండి. వాటిని ఎప్పుడు మొదలుపెట్టమనాలన్నది వంటకు పట్టే సమయాన్ని బట్టి ఉంటుంది. ఈ ఐదింటిలో ఎక్కువ సేపు పట్టేది చేప. దానికి 12 నిమిషాలు పడుతుందనుకుంటే, గిన్నెల్లో సూప్ సగానికి దిగినప్పుడు చెబితే సరిపోతుంది. అప్పటికి తినడం, గిన్నెలు తీయడం, బల్ల తుడవడం అయిపోతాయి. తొందరపడి ముందే చెబితే నూడుల్స్ ముద్దకట్టి కౌంటర్ మీద ఎదురుచూస్తాయి, లేదంటే సూప్ ముందుండగానే ప్లేట్లు పెట్టాల్సి వస్తుంది.

ఈలోగా బాబు నాయనమ్మ పక్కన కూర్చుంటానని మారాం చేశాడు. తండ్రి లేచి 4లోకి వెళ్లాడు, బాబు 2లోకి వచ్చాడు. స్లిప్పులో వంటకాలు కొట్టేసి మళ్లీ రాయకండి. 2ను 4గా, 4ను 2గా దిద్దండి, చాలు. ప్లేట్లు వేరేవాళ్లు తెచ్చేట్టయితే వంటగదిలో ఉన్న కాపీలోనూ దిద్దాలి. ఇది మరిచిపోతే బాబు నూడుల్స్ తండ్రి ముందు వాలతాయి.

ప్లేట్లు ఎత్తుకునే వరుస పెట్టే వరుసకు తిరగబడి ఉంటుంది. 1, 2, 3 కుర్చీలకు పెట్టాలంటే ముందుగా 3ది ఎడమచేతిలోకి, దాని పక్కన 2ది, చివరగా 1ది కుడిచేతిలోకి తీసుకోవాలి. కుడిచేతిలోది ముందు దిగుతుంది. పెట్టేటప్పుడు వంటకం పేరు మెల్లగా చెప్పండి, పొరపాటుంటే వాళ్లే అప్పుడే ఆపుతారు. రెండు మూడు ముద్దలు తిన్నాక ఒకసారి వెళ్లి పలకరించండి. అంతకంటే ముందు వెళ్తే వాళ్లింకా రుచి చూసి ఉండరు, బాగా ఆలస్యంగా వెళ్తే ఉప్పు ఎక్కువైన ప్లేటు అప్పటికే పక్కకు జరిపి ఉంటుంది.

అభ్యాసం: నలుగురు కూర్చునే టేబుల్ బొమ్మ గీసి కుర్చీలకు నంబర్లు వేయండి. 3వ కుర్చీ ఖాళీ. మిగతా ముగ్గురికీ ఆర్డర్ రాశాక నాలుగో మనిషి వచ్చి అందులో కూర్చుని "నాకు నేరుగా మెయిన్ కోర్సే తెండి" అన్నారు. అప్పటికి మిగతావాళ్ల సూప్ సగమైంది. స్లిప్పులో ఏం రాస్తారు, వంటగదికి ఏమని చెబుతారు? జవాబు 4వ పాఠం మొదట్లో, బిల్లు విడదీయడం కంటే ముందు చూద్దాం.