ఏఐతో ప్రశ్నలు వేయించుకుని, వ్యాసం మనమే రాసుకోవడం ఎలా?

హనుమకొండలో డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి కాలేజీ పత్రికకు వ్యాసం రాయాలనుకుందాం. ఆమెది నర్సంపేట వైపు ఒక పల్లె. విషయం ‘మా ఊరి చెరువు’, నిడివి ఏడువందల మాటలు. ఫోనులో ఏఐ ఉంది. ‘మా ఊరి చెరువు మీద వ్యాసం రాయి’ అని అడిగితే అర నిమిషంలో వ్యాసం వస్తుంది. కాకతీయుల గొలుసుకట్టు చెరువులతో మొదలై, చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ మీదుగా నడిచి, చెరువును కాపాడుకుందామన్న పిలుపుతో ముగుస్తుంది. తప్పులు పెద్దగా ఉండకపోవచ్చు. ఆ ఊరు మాత్రం అందులో ఎక్కడా కనిపించదు. పక్క బెంచీ అబ్బాయి అడిగినా దాదాపు అదే వ్యాసం వస్తుంది.

అదే ఏఐని మరో రకంగా వాడుకోవచ్చు. ఆలోచన, రాత మన దగ్గరే ఉంచుకుని, ప్రశ్నలు అడగడం, లోపం ఎక్కడుందో చూపడం మాత్రం దానికి అప్పగించాలి. ఈ పద్ధతిలో ఏ పని ముందు, ఏది తర్వాత అన్నదే అన్నిటికంటే ముఖ్యం.

1. ముందు కాగితం మీద మీ సరుకు

ఏఐని తెరవకముందే ఇరవై నిమిషాలు నోటుబుక్కులో రాయండి. వాక్యాలు కుదరనక్కర్లేదు. ఆ అమ్మాయి కాగితం మీద ఇవి పడ్డాయనుకోండి: చెరువు నిండి మత్తడి పడిన రోజు ఊరంతా చూడటానికి వెళ్లడం, తూము తెరిచే నీరటి తాత, వేసవిలో పూడిక మట్టి నింపుకుని మిర్చి చేలకు పోయే ట్రాక్టర్లు, సొసైటీ వాళ్లు వదిలే చేపపిల్లలు, సద్దుల బతుకమ్మ రోజు కట్ట మీద జనం.

ఈ మెట్టు దాటేస్తే తర్వాతివన్నీ చెడతాయి. ఏఐ ఇచ్చిన పది ఆలోచనలు ఒకసారి చదివాక మన బుర్ర ఆ పదింటి చుట్టూనే తిరుగుతుంది. అవేమో సాధారణంగా అందరికీ తట్టేవే. నీరటి తాత అందులో రాడు.

2. ఆలోచనలు అడగకండి, ప్రశ్నలు అడగమనండి

ఇప్పుడు ఆ నోట్సును ఏఐకి ఇచ్చి ఇలా చెప్పాలి:

‘నేను మా ఊరి చెరువు మీద వ్యాసం రాయబోతున్నాను. నా నోట్సు ఇదీ. నాకు ఆలోచనలు గానీ, వాక్యాలు గానీ ఇవ్వవద్దు. ఇది చదివిన కొత్త మనిషికి వచ్చే సందేహాలను ప్రశ్నలుగా అడుగు. ఒకసారి ఒక్క ప్రశ్నే. నేను జవాబు చెప్పాకే తర్వాతిది.’

‘ఒక్క ప్రశ్నే’ అన్న షరతు తప్పక పెట్టండి. లేకపోతే పదిహేను ప్రశ్నలు కుప్పగా వస్తాయి, మనం దేనికీ సరిగా జవాబు చెప్పం. వచ్చే వాటిలో సగం పనికిరావు. చెరువు విస్తీర్ణం ఎంత, ఎన్ని రకాల పక్షులు వస్తాయి లాంటివి వదిలేయండి. కానీ ఒకటి రెండు గట్టిగా తగులుతాయి. ‘పూడిక మట్టిని చేలకు చేర్చే ఖర్చు ఎవరు పెట్టుకున్నారు?’ అన్నది అలాంటి ప్రశ్న.

దానికి జవాబు ఏఐని అడగకూడదు. ఆ అమ్మాయి ఇంటికి ఫోను చేయాలి. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసే పని ప్రభుత్వానిది, మట్టిని చేనుకు తోలుకునే ఖర్చు రైతుది. ‘మనం ఎన్ని ట్రాక్టర్లు తోలించాం నాన్నా?’ అని అడిగితే, తోలించుకోలేకపోయిన వాళ్ల సంగతి కూడా ఆ మాటల్లోనే వస్తుంది. ట్రాక్టరు ఉన్నవాళ్లు, కిరాయి పెట్టుకోగలిగినవాళ్లు మట్టి వేసుకున్నారు. కౌలు రైతు వచ్చే ఏడాది ఉంటుందో లేదో తెలియని చేనుకు ఎందుకు ఖర్చు పెడతాడు? వ్యాసానికి ప్రాణం ఇక్కడ దొరికింది. ప్రశ్న ఏఐది కావచ్చు, తెలుసుకున్నది మాత్రం ఆమే.

ఒక జాగ్రత్త. నోట్సు ఇచ్చేటప్పుడు ఊరివాళ్ల పేర్లు, సర్వే నంబర్లు, ఎవరి అప్పు ఎంతన్నది తీసేయండి. ‘ఒక కౌలు రైతు’ అంటే చాలు.

3. పేరాకు ఒక పూర్తి వాక్యం

రూపురేఖలు కూడా మీరే గీయాలి. ‘పరిచయం, చరిత్ర, సమస్యలు, ముగింపు’ అని శీర్షికలు పెట్టుకుంటే ఆలోచించినట్టు కాదు, ఆ చట్రం ఏ విషయానికైనా సరిపోతుంది. ప్రతి పేరా ఏం చెబుతుందో ఒక పూర్తి వాక్యంలో రాయండి. ఆమె రాసుకున్నవి ఇవి:

మత్తడి పడితే మా ఊళ్లో పండుగ. చాలా ఏళ్ల పూడిక తీశాక చెరువులో నీళ్లు ఎక్కువ రోజులు నిలిచాయి. ఆ మట్టి పడిన చేలల్లో మిర్చి బాగా వచ్చింది. కానీ మట్టి అందరి చేలకూ చేరలేదు. బతుకమ్మ నాడు ఊరంతా చెరువు కట్ట మీదే ఉంటుంది.

ఈ ఐదు వాక్యాలను ఏఐకి ఇచ్చి, ‘ఏ వాక్యం ముందు వాక్యం నుంచి సహజంగా రావడం లేదు? దేనికి ఆధారం కావాలి? కొత్త వాక్యాలు రాయవద్దు, క్రమం మార్చి ఇవ్వవద్దు, లోపం చూపిస్తే చాలు’ అని అడగాలి.

బతుకమ్మ వాక్యం అతకలేదని అది చెబుతుంది. నిజమే, అతకలేదు. తీసేయమని సలహా కూడా ఇవ్వవచ్చు. ఇక్కడ తొందరపడి తలూపకండి. ఆ వాక్యం మీకు ఎందుకు తట్టిందో ఒక నిమిషం ఆలోచించండి. పూడిక తీసేటప్పుడు ఒడ్డు దగ్గర కూడా లోతుగా తవ్వేశారు. అంతకుముందు ఆడవాళ్లు మోకాలి లోతు నీళ్లలోకి దిగి బతుకమ్మను వదిలే చోట ఇప్పుడు అడుగు వేస్తే గుంత. ఆ సంగతి ఆమె చూసింది కాబట్టే బతుకమ్మ నోట్సులోకి వచ్చింది, కానీ కాగితం మీద రాయలేదు. అది రాస్తే ఐదో పేరా నాలుగో పేరాకు సరిగ్గా అతుకుతుంది: తవ్వకం వల్ల ఎవరికి మేలు, ఎవరికి చిక్కు. ఏఐ లోపాన్ని సరిగానే పట్టుకుంది. మందు మాత్రం తప్పు చెప్పింది. ఇలా తరచూ జరుగుతుంది, అందుకే లోపం చూపమని అడగాలి తప్ప సరిచేయమని కాదు.

4. రాసేటప్పుడు దాన్ని మూసేయండి

ఈ మెట్టు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఫోను పక్క గదిలో పెట్టి, మొదటి నుంచి చివరి దాకా ఒక్క ఊపున రాయండి. మాట తట్టని చోట గీత గీసి ముందుకు వెళ్లండి. ఏడాదో, లెక్కో గుర్తు రాకపోతే ఖాళీ వదిలేయండి. ‘ఈ ఒక్క పేరా రాసిపెట్టు’ అని అడగాలని చేయి లాగేది సాధారణంగా అన్నిటికంటే కష్టమైన పేరా దగ్గరే. ఈ వ్యాసంలో అది నాలుగోది. సొంత ఊరివాళ్లను నొప్పించకుండా ‘అందరికీ చేరలేదు’ అని ఎలా చెప్పాలన్నది ఆమె తేల్చుకోవలసిన విషయం, ఏఐకి ఆ ఊళ్లో చుట్టాలు లేరు.

5. అభిప్రాయం కొత్త సంభాషణలో

రాత పూర్తయి ఒక రాత్రి గడిచాక, పాత సంభాషణలో కాకుండా కొత్తది తెరిచి వ్యాసం పెట్టండి. పాతదానికి మీ ఉద్దేశం ముందే తెలుసు, కాబట్టి కాగితం మీద లేనిదాన్ని కూడా ఉన్నట్టే చదువుతుంది. ‘ఇది నేను రాశాను, ఎలా ఉంది?’ అని కూడా అడగకండి. ఏఐకి మెప్పించే అలవాటు ఉంది, ‘చాలా బాగుంది’ అంటుంది. ఎవరు రాశారో చెప్పకుండా మొదట ఒక్కటే అడగండి: ‘ఈ వ్యాసం ప్రధానంగా ఏం చెబుతోంది? రెండు వాక్యాల్లో చెప్పు.’

నా లెక్కలో ఈ ప్రశ్న మిగతా అన్నిటికంటే విలువైనది. ‘చెరువు పునరుద్ధరణతో రైతులు లాభపడ్డారు’ అని జవాబు వచ్చిందనుకోండి. ఆమె చెప్పదలచింది అది కాదు. రెండు కారణాలు ఉండవచ్చు. మొదటి కారణం: రెండో, మూడో పేరాలు పొడుగై, అసలు మాట నాలుగో పేరా మధ్యలో పొట్టి వాక్యంగా నలిగిపోయి ఉండాలి. రెండోది, చెరువుల గురించి ఎక్కువగా కనిపించే కథ అదే కాబట్టి ఏఐ అటువైపు మొగ్గి ఉండాలి. ఏది నిజమో తేల్చడానికి వ్యాసాన్ని హాస్టలు స్నేహితురాలికి ఇచ్చి అదే ప్రశ్న అడగాలి. ఆమె కూడా అదే అంటే లోపం రాతలో ఉంది. మూడో పేరా సగానికి తగ్గించి, కౌలు రైతు చేనును ముందుకు తేవాలి. ఆ పని రాసిన అమ్మాయే చేయాలి.

తర్వాత వివరాలకు వెళ్లండి. ‘చదువరి ఎక్కడ తడబడతాడు? ఆధారం లేని మాట ఏది? వాక్యం తిరగరాయకుండా, పేరా సంఖ్య చెప్పి కారణం చెప్పు.’ వచ్చిన ప్రతి సూచన పక్కన ఒప్పుకుంటారో లేదో, ఎందుకో పెన్సిలుతో రాయండి. అన్నీ ఒప్పుకున్నారంటే మీరు ఆలోచించడం ఆపేసినట్టే. మత్తడిని అలుగుగా మార్చమంటే మార్చకండి, ఆ ఊళ్లో అనే మాట మత్తడే.

చరిత్ర జోడించమని కూడా సలహా రావచ్చు. నర్సంపేట దగ్గరి పాఖాల చెరువు కాకతీయ గణపతిదేవుడి కాలం నాటిదన్నది నిజం. దాన్ని పట్టుకుని ‘మా ఊరి చెరువూ కాకతీయులు తవ్వించిందే’ అని ఏఐ ధీమాగా రాసేయగలదు. వరంగల్ చుట్టుపక్కల ఏ చెరువు గురించి అడిగినా నమ్మబుద్ధయ్యే మాట అది, అందుకే ప్రమాదం. శాసనమో, నీటిపారుదల శాఖ రికార్డో చూపించలేకపోతే ఆ వాక్యం ఉండకూడదు.

6. పంపే ముందు

వ్యాసం మూసి, ఏమీ చూడకుండా రెండు నిమిషాల్లో స్నేహితురాలికి చెప్పి చూడండి. ఎక్కడ ఆగిపోతే అక్కడి పేరా ఇంకా మీది కాలేదు. పైకి చదివినప్పుడు ‘చెరువు కేవలం నీటి వనరు మాత్రమే కాదు, అది ఒక జీవన విధానం’ లాంటి నున్నటి వాక్యం తగిలితే, ఇంట్లో ఎవరైనా అలా మాట్లాడతారా అని మిమ్మల్ని మీరే అడగండి.

కాలేజీ నియమం ఏమిటో ముందే తెలుసుకోండి. కొన్ని చోట్ల ఏఐ వాడకం అసలు ఒప్పుకోరు, కొన్ని చోట్ల చెబితే చాలు. చెప్పాల్సి వస్తే దాచడానికి ఏమీ లేదు, వ్యాసం చివర ఇలా రాయవచ్చు: ‘నా నోట్సుపై ప్రశ్నలు అడగడానికి, చిత్తుప్రతిలో లోపాలు చూపడానికి ఏఐని వాడాను. వాక్యాలన్నీ నావే.’ నోటుబుక్కులోని మొదటి పేజీని, పెన్సిలు గీతలున్న చిత్తుప్రతిని పారేయకండి. ఎవరైనా అడిగితే చూపించవచ్చు.