వనభోజనాల్లో జెల్ డబ్బా మంట ఎండలో కనిపించదు

కార్తీక వనభోజనాలకు తోటలో 300 మందికి వడ్డించే పని పెట్టుకున్నవారికి ఒక మాట. వడ్డన అయ్యేదాకా కూర చల్లారకుండా నీళ్ల ట్రే మీద ఉంచే పాత్రే చేఫింగ్ డిష్. దాని కింద డబ్బాలో వెలిగించే ఇంధన జెల్ కూరను వేడి చేయదు, ఉన్న వేడిని నిలబెడుతుందంతే. అందుకే కింది ట్రేలో మరిగిన నీళ్లే పోయాలి. చన్నీళ్లు పోస్తే అవి కాగేసరికే డబ్బాలో జెల్ చాలావరకు అయిపోతుంది.

మొన్న మేము ఎనిమిది డిష్‌లు పెట్టాం. డిష్‌కు రెండు డబ్బాలు, ఒక్కో డబ్బా సుమారు రెండు గంటలు వెలుగుతుంది. మూడు గంటల వడ్డనకు రెండు విడతలు, అంటే 32 డబ్బాలు. గాలి వచ్చే వైపు రేకు అడ్డం పెట్టకపోతే అవీ చాలవు.

అసలు ప్రమాదం వేరే. పట్టపగలు ఆ మంట కంటికి ఆనదు. మా కుర్రవాడు ఆరిపోయిందనుకొని సీసాతో జెల్ పోయబోయాడు. అరచెయ్యి ఒక జానెడు పైన పెట్టి చూడమన్నాను, చురుక్కుమంది! వెలుగుతున్న డబ్బాలో పోస్తే మంట సీసాకు ఎగబాకుతుంది. మూతపెట్టి ఆర్పి, కొత్త డబ్బా మార్చాలి.

వ్యానులో డబ్బాలను నిలువుగా, గ్యాస్ సిలిండర్లకూ జనరేటర్ డీజిల్‌కూ దూరంగా సర్దండి. జనరేటర్ పొగ పందిరి వైపు రాని చోట ఉండాలి. తాగడానికి 20 లీటర్ల టిన్నులు పాతిక, గిన్నెలు కడగడానికి ట్యాంకరు వేరుగా.

వాడేసిన డబ్బాలు విస్తరాకుల కుప్పలో వేయవద్దు, ఎండుటాకులు అంటుకుంటాయి. మేము నీళ్లున్న ఇనుప బకెట్‌లో ముంచి తెచ్చాం.