పేరాలా ఉంది, మరి కవితేనా?
లైన్లు విరవకుండా పేరాలా రాసిన కవిత చదివి, ఇది కవితా మామూలు పేరానా అని డౌట్ వస్తే, వాక్యాల మధ్య ‘కాబట్టి’, ‘అందుకని’ పెట్టి చూడండి. మా అనంతపురం వైపు మాటే తీసుకుందాం: ‘బోరు వెయ్యి అడుగులు దిగింది. చుక్క నీళ్లు పడలేదు. శెనక్కాయ పంట ఎండిపోయింది.’ చివరి వాక్యం ముందు ‘అందుకని’ పెట్టినా ఏమీ పోదు, అది పేరానే. అదే ‘బోరు వెయ్యి అడుగులు దిగింది. నాన్న ఇంకా పైకి రాలేదు’ అని ఉంటే, మధ్యలో ఏ మాట పెట్టినా చెడిపోతుంది, ఎందుకంటే అప్పు, దిగులు అని ఎక్కడా రాయకుండానే ఆ రెండు వాక్యాల సందులో ఉన్నాయి, వాటిని కలుపుకోవాల్సింది చదివే మనమే. కొన్ని కవితలు మాత్రం ‘అందుకని’ లాంటి మాటనే కావాలని మళ్లీ మళ్లీ వాడి లయ తెచ్చుకుంటాయి. వాటికి ఈ పరీక్ష పనికిరాదు, గొంతెత్తి చదివి వినాల్సిందే.